‘మ్యాటర్స్ అరైజింగ్’ను తెలుగు మినిట్స్‌లో ఏమని రాయాలి?

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈ ఏడాది నుంచి సంఘం మినిట్స్ తెలుగులోనే రాస్తున్నాను. ఒక్క చోట మాత్రం చెయ్యి ఆగిపోతోంది. పాత ఇంగ్లీషు మినిట్స్‌లో, కిందటి మినిట్స్ చదివి ఆమోదించాక ‘మ్యాటర్స్ అరైజింగ్’ అని ఒక భాగం ఉండేది. పోయినసారి అనుకున్న పనులు ఎంతవరకు వచ్చాయో అక్కడ చూసి, ఒక్కోదాని పక్కన కంప్లీటెడ్, పెండింగ్, డ్రాప్డ్ అని రాసేవాళ్లు. నేను ‘ఉత్పన్నమైన విషయాలు’ అని శీర్షిక పెట్టాను. చదివి వినిపిస్తే పై అంతస్తు పెద్దాయన ‘ఏం ఉత్పన్నమైంది బాబూ, మళ్లీ ఏమైనా గొడవ వచ్చిందా?’ అని కంగారుపడ్డారు. ఈ శీర్షికకీ, ఆ మూడు మాటలకీ తెలుగులో ఏం రాయాలో చెప్పండి.

అనువాదకురాలు: ‘ఉత్పన్నం’ వద్దండీ. అక్కడ ‘అరైజింగ్’ అంటే కిందటి మినిట్స్ నుంచి వచ్చినవి అనే. ‘గత సమావేశ తీర్మానాల అమలు’ అని పెట్టండి. పంచాయతీ, మున్సిపల్ సమావేశాల వార్తల్లో చదివే మాటే కాబట్టి అందరికీ తెలుస్తుంది. కంప్లీటెడ్‌కి ‘పూర్తయింది’, పెండింగ్‌కి ‘వాయిదా’, డ్రాప్డ్‌కి ‘రద్దు’ సరిపోతాయి.

పొదుపు సంఘం బుక్‌కీపర్: మా మినిట్స్ పుస్తకంలో వాయిదాలు వేరే పేజీలో రాస్తామండీ. ఎవరు అప్పు తీసుకున్నారు, ఎన్నో వాయిదా కట్టారు, ఎన్ని కట్టలేదు అని. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు అక్కడే రాస్తారా? మా దగ్గర అలా అందరి ముందు చదివితే ఒక అక్క రెండు వారాలు సమావేశానికే రాలేదు.

కార్యదర్శి: లేదమ్మా, బకాయిలు కావు. పనుల గురించి అడుగుతున్నాను.

సహకార శాఖలో పనిచేసి రిటైరైనవారు: ఆవిడ అపార్థం చేసుకోవడంలోనే మీకు కావలసింది ఉందండీ. ‘వాయిదా’ అంటే అప్పు తీసుకున్నవాళ్లకు కిస్తీ, కోర్టుకు వెళ్లేవాళ్లకు ఇంకో తేదీ. సమావేశంలో ‘వాయిదా వేశాం’ అంటే, మనం కూర్చుని ఫలానా రోజుకి జరిపామని అర్థం. ‘పెండింగ్’ అలా కాదు. దాన్ని జరపమని ఎవరూ చెప్పలేదు, పని కాలేదు, అంతే. ఒకటి నిర్ణయం, ఇంకొకటి పరిస్థితి. ‘వాయిదా’ అని రాస్తే, పని చేయనివాళ్లకి సంఘమే గడువు ఇచ్చినట్టు అవుతుంది. పెండింగ్‌ని పెండింగ్ అనే రాయండి. మన ఆఫీసుల్లో ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది.

‘తీర్మానాల అమలు’ కూడా సగమే సరిపోతుంది. పోయినసారి ఎవరో ‘ప్లంబర్‌ని అడిగి చెప్తాను’ అని ఉంటారు. అది తీర్మానం కాదు. కానీ మినిట్స్‌లోకి ఎక్కింది కాబట్టి జవాబు రావాలి. ఆ శీర్షిక కింద ఇలాంటివి జారిపోతాయి. నేనైతే ‘వెనకటి తరువాయి’ అంటాను. పత్రికల్లో ‘గత సంచిక తరువాయి’ చదివినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆగినచోటు నుంచి అందుకున్నామని ఆ మాటలోనే ఉంది.

కోర్టులో గుమస్తాగా చేస్తున్నవారు: డ్రాప్డ్‌కి ‘కొట్టివేత’ అనండి. మా దగ్గర అదే వాడుక.

రిటైరైనవారు: పిటిషన్ చెల్లదని కోర్టు తేలిస్తే కొట్టివేత. ఇక్కడ అడిగిందీ మనమే, మానుకున్నదీ మనమే. నాకు ‘విరమించాం’ నచ్చుతుంది. మునుపు తీర్మానం చేసి ఉంటే మాత్రం కార్యదర్శి ఒక్కరే ఆ మాట రాయడానికి లేదు. ఇంకో తీర్మానంతోనే దాన్ని రద్దు చేయాలి, పాత తీర్మానం తేదీ, నంబరు చెప్పి మరీ. పాత పేజీలో గీత కొట్టకూడదు. కంపెనీ బోర్డులకైతే సెక్రటేరియల్ స్టాండర్డ్-1లో, పాత నిర్ణయాన్ని మారిస్తే దాని ప్రస్తావన కొత్త మినిట్స్‌లో ఉండాలని స్పష్టంగానే ఉంది. అది మీ సంఘానికి వర్తించదు గానీ పద్ధతి మంచిది.

అనువాదకురాలు: అయితే నేను చెప్పిన ‘రద్దు’ తప్పు కాదన్నమాటేగా సార్?

రిటైరైనవారు: తీర్మానానికి తప్పు కాదమ్మా. పనికి మాత్రం ‘రద్దు’ నాకు నప్పదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. గడువు దాటి, నిధులు వెనక్కి పోతే ‘మురిగిపోయాయి’ అంటాం. అది విరమించడం కాదు. మనం మానుకోలేదు, చేతిలోంచి జారింది. దాన్ని ‘విరమించాం’ అని రాస్తే తప్పు కప్పిపుచ్చినట్టే. కార్యదర్శిగారూ, మీ అంశాలు ఒక్కసారి పెట్టండి, చూద్దాం.

కార్యదర్శి: జులై మినిట్స్‌లో ఇలా రాశాను.
1. సంపు శుభ్రం చేయించడం: పూర్తయింది.
2. టెర్రస్ లీకేజీకి కొటేషన్లు: వర్షాల వల్ల పెండింగ్.
3. ఇంటర్‌కమ్: డ్రాప్ చేశాం.

రిటైరైనవారు: మొదటిది నిజంగా పూర్తయిందా?

కార్యదర్శి: శుభ్రం చేశారు. విరిగిన మూత మార్చలేదు. జూన్‌లో రెండూ కలిపే అనుకున్నాం.

రిటైరైనవారు: అయితే పూర్తి కాలేదు. శుభ్రం చేసిన తేదీ, బిల్లు నంబరు రాసి దానికి ‘పూర్తయింది’ అనండి. మూతని అదే పాత నంబరుతో కింద విడిగా ఉంచండి. సెల్లార్‌లో పిల్లలు ఆడుకుంటారు, ఆ మూత సంగతి పుస్తకంలోంచి మాయం కాకూడదు.

రెండోదానిలో ‘వర్షాల వల్ల’ అన్నది కారణంలా కనిపిస్తుంది గానీ ఏమీ చెప్పదు. కొటేషన్ రాయడానికి వర్షం అడ్డా?

కార్యదర్శి: ఇద్దరు ఇచ్చారు. మూడో ఆయన శ్లాబు ఆరితే గానీ చూడనన్నారు. మాకు మూడు కొటేషన్లు ఉండాలని నియమం.

రిటైరైనవారు: సరిగ్గా అదే రాయండి. ఎవరి చేతిలో ఆగింది, దేనికోసం ఆగింది, మళ్లీ ఎప్పుడు చూస్తాం. ఈ మూడూ లేకపోతే వచ్చే నెల కూడా అదే వాక్యం దించుతారు. మొదట ఏ నెలలో వచ్చిందో ఆ నంబరే చివరిదాకా ఉంచండి. నెలనెలా ఒకటి, రెండు, మూడు అని కొత్తగా వేస్తే నాలుగు నెలల పాత పని కూడా నిన్నటిదానిలా కనిపిస్తుంది.

బుక్‌కీపర్: ఇంటర్‌కమ్‌కి డబ్బేమైనా కట్టారా సార్? మా సంఘంలో కుట్టుమిషన్లు వద్దనుకున్నప్పుడు అడ్వాన్స్ సంగతే అందరూ మర్చిపోయారు. ఏడాది తర్వాత లెక్క చూస్తే బయటపడింది.

కార్యదర్శి: అయిదు వేలు ఇచ్చామమ్మా. మీరు అడిగేదాకా నాకు తట్టనేలేదు.

రిటైరైనవారు: ఈ అమ్మ అడిగింది బంగారం లాంటి ప్రశ్న. పని విరమించినా అడ్వాన్స్ విరమణ కాదు. అది తరువాయిలో ఉండాల్సిందే.

కార్యదర్శి: ఆగస్టుకి ఇలా సిద్ధం చేశాను, చూడండి. ముందున్నవి తేదీలు కావు, అంశం మొదట వచ్చిన నెల, అప్పటి నంబరు.

వెనకటి తరువాయి
జూన్ 3(అ). సంపు శుభ్రం చేయడం: పూర్తయింది. తేదీ, బిల్లు నంబరు నమోదు చేయడమైనది.
జూన్ 3(ఆ). సంపు మూత: పెండింగ్. కొలతలు ఇచ్చారు, వెల్డర్ దగ్గర ఉంది. బాధ్యత కోశాధికారి. ఈ నెల 20న చూస్తారు.
జూన్ 5. టెర్రస్ లీకేజీ: పెండింగ్. రెండు కొటేషన్లు అందాయి. మూడోవారు శ్లాబు ఆరాక చూస్తామన్నారు. సెప్టెంబరు సమావేశానికి కూడా రాకపోతే రెండింటితోనే నిర్ణయించాలా అన్నది ఆ రోజు చర్చిస్తారు.
ఏప్రిల్ 2. ఇంటర్‌కమ్: అందరూ ఫోన్లే వాడుతున్నందున విరమించాలని ప్రతిపాదన. ఏప్రిల్ తీర్మానం రద్దుకు సభ్యుల ఆమోదం కోరడమైనది. రూ. 5,000 అడ్వాన్స్ వసూలు: పెండింగ్, బాధ్యత కార్యదర్శి.

అనువాదకురాలు: ‘వెనకటి’ కన్నా ‘గత’ బాగుంటుందేమో. మినిట్స్ కదా, మరీ ఇంట్లో మాటలా ఉంది.

రిటైరైనవారు: ఇంట్లో మాట కాబట్టే పై అంతస్తు పెద్దాయన కంగారుపడరమ్మా.

అనువాదకురాలు: నేనింకా ‘గత సమావేశ తరువాయి’ వైపే ఉన్నాను సార్.

కార్యదర్శి: ఆదివారం రెండూ చదివి వినిపిస్తాను. వెల్డర్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను, మూత ఇంకా మొదలుపెట్టలేదట.