పై వరుసల కండెన్సేట్ కింది ట్యూబుల మీద పడితే కోఎఫిషియంట్ ఎంత తగ్గించాలి? N ఎంత వేయాలి?

కానూరు కుర్రాడు
వాక్యూమ్ ఎవాపరేటర్ నుంచి వచ్చే ఆవిరికి సర్ఫేస్ కండెన్సర్ లెక్క వేస్తున్నాను. గంటకు 1500 కిలోల ఆవిరి, 50 డిగ్రీల దగ్గర కండెన్స్ అవుతుంది. నీళ్లు ట్యూబుల లోపల రెండు పాసుల్లో, 32కి వచ్చి 38కి వెళ్తాయి. ట్యూబులు 25 మి.మీ., అడ్డంగా, పది వరుసలు, వరుసకు పది, మొత్తం 100. చదరపు పిచ్, ఒకదాని కింద ఒకటి సూటిగా ఉంటాయి.

ఒక్క ట్యూబుకి నుసెల్ట్ ఫార్ములాతో, పొర మీద తేడా 5 డిగ్రీలు అనుకుంటే, సుమారు 12,400 వచ్చింది (చ.మీ.కు డిగ్రీకి వాట్లలో). ఇక్కడి నుంచే తికమక. N దగ్గర 100 వేస్తే 3,900కి పడిపోతోంది. 10 వేస్తే 7,000. ఫ్యాబ్రికేటర్ పంపిన షీట్‌లో ఘాతం 1/4 కాదు, 1/6 ఉంది. ఏది పట్టుకోవాలి?

ప్రాసెస్ పాపారావు
1/4 వేయండి, అనుమానమే వద్దు. నుసెల్ట్ 1916లోనే తేల్చేశాడు. 1/6 అనేది అమ్ముకునేవాళ్లకి అనుకూలమైన సంఖ్య, సైజు చిన్నగా చూపించి కొటేషన్ తగ్గించుకోవడానికి.

ఇంకో మాట. పది ఎత్తు ఎందుకు పెట్టారసలు? 5 ఎత్తు, 20 వెడల్పు పెట్టండి. కోఎఫిషియంట్ 7,000 నుంచి 8,300కి వెళ్తుంది. అంటే 19 శాతం ఎక్కువ, ఏరియా అంత మేరా మిగిలినట్టే.

కొండపల్లి కండెన్సర్
ముందు N సంగతి. N అంటే ఒక ట్యూబు మీద సూటిగా, పైనుంచి కిందకి, ఎన్ని ట్యూబులు వరుసకట్టి ఉన్నాయన్నది. పక్క నిలువు వరుసలో కారే నీటితో దీనికి పని లేదు. మీ అమరికలో N = 10. 100 వేస్తే, వంద ట్యూబులు ఒకే గోడకి నిచ్చెనలా ఎక్కించినట్టు లెక్క.

ఇక ఘాతం. మూడు రకాలు వాడకంలో ఉన్నాయి:

```
h_avg = h_1 × N^(-1/4)                    (Nusselt)
h_avg = h_1 × N^(-1/6)                    (Kern)
h_avg = h_1 × (0.60 + 0.42 × N^(-1/4))    (Eissenberg)
```

N = 10కి మొదటిది 0.56, రెండోది 0.68, మూడోది 0.84. అంటే 7,000, 8,450, 10,400. ఒకే బండిల్‌కి ఇంత తేడా ఎందుకంటే, పై ట్యూబు నుంచి కింది ట్యూబు మీదకి నీళ్లు ఎలా దిగుతాయన్న ఊహ మూడింటిలో మూడు రకాలు.

నుసెల్ట్ లెక్కలో పైనుంచి వచ్చే నీరంతా తెగని పల్చటి రేకులా, ఏ కదలికా లేకుండా, కింది ట్యూబు మీద పరుచుకుంటుంది. పొర మందం అలా పెరుగుతూ పోతుంది. సైట్ గ్లాస్ ఉన్న కండెన్సర్‌లో లైటు వేసి చూడండి, రేకు కనపడదు. ట్యూబు అడుగున రెండు, రెండున్నర సెంటీమీటర్లకొక చోట బొట్టు ఉబ్బి తెగిపడుతుంది. కింది ట్యూబు మీద పడ్డచోట చిందుతుంది, పొరని కలియబెడుతుంది. బొట్టుకీ బొట్టుకీ మధ్య జాగా మీద పొర పల్చగానే ఉంటుంది. పైగా పడే నీరు ఆవిరి ఉష్ణోగ్రత కన్నా కొంచెం చల్లగా ఉంటుంది కాబట్టి దారిలో అదే కాస్త ఆవిరిని కండెన్స్ చేస్తుంది. అందువల్ల 1/4 అనేది మరీ గట్టి శిక్ష. 1/6 అమ్ముకునేవాళ్ల సంఖ్య కాదు పాపారావు గారూ, కొలతల్లో కనిపించిన తగ్గుదలకి దగ్గరగా ఉండేందుకు వచ్చింది. ఐసెన్‌బర్గ్ సూత్రంలో మాత్రం నీరంతా సూటిగా పడదు, కొంత పక్కకి మళ్లుతుందన్న ఊహ ఉంది. మీ సూటి అమరికకి దాన్ని వాడితే ఆశ ఎక్కువైనట్టే.

మిర్చియార్డ్ కోల్డ్
మంచి టాపిక్ తీశారు. గుంటూరులో మాది కోల్డ్ స్టోరేజీ, అమోనియా. అట్మాస్ఫియరిక్ కండెన్సర్‌లో పై పైపుల నీళ్లే కింద పైపుల మీద పడుతుంటాయి. హెడ్ ప్రెషర్ 15 కిలోలు దాటుతోంది. అయితే కింద నాలుగు వరుసలు తీసేసి పక్కన పెట్టించమంటారా?

కొండపల్లి కండెన్సర్
వద్దండీ, ఆగండి. మీ దాంట్లో అమోనియా పైపుల లోపల కండెన్స్ అవుతుంది. బయట పడేది కండెన్సేట్ కాదు, చల్లబరిచే నీరు. అది కింది పైపు మీద పడాల్సిందే, పడని చోట పైపు ఎండి గార కడుతుంది. ఇక్కడి చర్చ మీకు పనికిరాదు.

మీరు ముందు గాలి ఉందేమో చూడండి. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ నుంచి రిసీవర్‌కి వెళ్లే లిక్విడ్ వాల్వు మూసి, నీళ్లు తిరగనివ్వండి. లోపలికి వెళ్లే నీరు, బయటికొచ్చే నీరు ఒకే ఉష్ణోగ్రతకి వచ్చాక గేజి చూడండి. నీళ్లు 30 డిగ్రీలుంటే గేజి మీద 10.9 కిలోల దగ్గర నిలబడాలి. 12, 12న్నర చూపిస్తే లోపల గాలి ఉన్నట్టే, పర్జ్ చేయించండి. సరిగ్గా 10.9 ఉంటే అప్పుడు గార వైపు, నీళ్ల పంపు వైపు చూడండి.

లక్ష్మి_డిజైన్
పాపారావు గారు చెప్పిన 5 × 20 దగ్గరికి వస్తాను. 19 శాతం పెరిగేది ఆవిరి వైపు కోఎఫిషియంట్ మాత్రమే. ఏరియా తేల్చేది మొత్తం U. అందులో నీళ్ల వైపు, గార, ట్యూబు గోడ నిరోధాలు కూడా ఉన్నాయి. ఈ కేసులో రెండు పాసులతో నీటి వేగం సెకనుకి 2.3 మీటర్ల దగ్గర ఉంటుంది. మామూలు గార అలవెన్స్ కలిపితే ఆ మూడూ కలిసి సుమారు 0.00026. పది వరుసలకి 1/4 వేసినా ఆవిరి వైపు నిరోధం 0.00014. అంటే సింహభాగం అవతలి వైపే ఉంది.

ఇప్పుడు U చూడండి. LMTD 14.8, డ్యూటీ దాదాపు 990 కిలోవాట్లు. తప్పుగా N = 100 వేస్తే U 1,950, ఏరియా 34.4 చ.మీ. N = 10తో నుసెల్ట్ ప్రకారం 2,480, 27 చ.మీ. 1/6తో 2,650, 25.3. ఐసెన్‌బర్గ్‌తో 2,810, 23.8. ఇక 5 ఎత్తుకి తెస్తే, 1/4 లెక్కలోనే, 2,480 కాస్తా 2,630 అవుతుంది. లాభం 6 శాతం. దానికోసం 20 వెడల్పు బండిల్‌ని గుండ్రటి షెల్‌లో పెడితే పైనా కిందా ఖాళీయే. షెల్ వ్యాసం పెరిగి ప్లేటు ఖర్చు ఆ 6 శాతాన్ని తినేస్తుంది.

అన్నిటికన్నా అడుగు ట్యూబు మాట చెప్పాలి, దాన్ని అందరూ దండగ అంటారు కాబట్టి. 1/4 సిద్ధాంతం ప్రకారమే పదో ట్యూబు పొర కోఎఫిషియంట్ మొదటిదాంట్లో 43 శాతం. కానీ దాని U 2,230, పైదాని U 2,940. అంటే అడుగుది పైదానిలో 76 శాతం వేడి తీస్తూనే ఉంది. అది కూడా కఠినమైన లెక్కలో.

ప్రాసెస్ పాపారావు
మీ నీళ్ల వైపు నిరోధం అంత పెద్దది కాబట్టి ఇలా వచ్చింది. శుభ్రమైన నీరు, పల్చటి టైటానియం ట్యూబు, మంచి వేగం ఉంటే ఆవిరి వైపే బరువెక్కుతుంది. అప్పుడు నా మాట నిలుస్తుంది.

లక్ష్మి_డిజైన్
నిలుస్తుంది, కాదనను. ఆర్గానిక్ ఆవిర్లు, ఫ్రియాన్ రకాలైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటి పొర కోఎఫిషియంట్ నీటి ఆవిరిలో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. అక్కడ వరుసల ఎత్తు నిజంగా ఏరియాని మారుస్తుంది. కృష్ణా నీళ్లతో, నీటి ఆవిరితో నడిచే ఈ కండెన్సర్‌లో కాదు.

త్రికోణ పిచ్ వాడేవాళ్లకి ఒక మాట. వరుసలు అర పిచ్ జరిగి ఉంటే సూటిగా కింద ఉండేది రెండో వరుస ట్యూబు. 10 వరుసలుంటే N = 5 దగ్గర. అదే త్రికోణాన్ని 30 డిగ్రీలు తిప్పి పెడితే నేరుగా కిందే ట్యూబు వస్తుంది, లాభం పోతుంది. డ్రాయింగ్‌లో ఆవిరి ఎటు నుంచి వస్తుందో, గురుత్వం ఎటు ఉందో గుర్తు వేయకుండా ఫ్యాబ్రికేషన్‌కి పంపితే ఇదే జరుగుతుంది. ఇక గుండ్రటి బండిల్‌కి మధ్య నిలువు వరుసలో ఉన్న ట్యూబుల్లో మూడింట రెండొంతులు N గా తీసుకోవడం వాడుక, అంచుల్లో వరుసలు పొట్టి కదా.

హాట్‌వెల్ షిఫ్ట్
ఆపరేషన్ వైపు నుంచి. వాక్యూమ్ తగ్గగానే "పై నీళ్లు కింద పడుతున్నాయి, బండిల్ డిజైనే అంత" అనేవాళ్లుంటారు. పై వరుసల నీరు కమిషన్ అయిన మొదటి రోజు ఎంత దెబ్బ తీసిందో ఇవాళా అంతే తీస్తుంది. పోయిన నెల బాగుండి ఈ నెల పడిపోయిందంటే కారణం అది కాదు. హాట్‌వెల్ ఉష్ణోగ్రత చూడండి. ఆవిరి ప్రెషర్‌కి తగిన ఉష్ణోగ్రత కన్నా కండెన్సేట్ నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటే, రెండు అనుమానాలు. ఒకటి లెవెల్ పెరిగి అడుగు ట్యూబులు మునిగిపోవడం. అది పొర మందం సమస్య కాదు, ఆ ట్యూబులు ఆవిరికే అందవు. రెండోది గాలి లీకు, ఎజెక్టర్ బలహీనపడటం. ముందు గేజి గ్లాసు ఐసొలేట్ చేసి బ్లో చేయండి, దానిలో లెవెల్ నమ్మదగినదో కాదో తేలుతుంది. తర్వాత గాలి లాగే లైను.

ఒక డౌటు. పెద్ద పవర్ కండెన్సర్లలో మధ్యలో ట్రేలు పెట్టి నీటిని పక్కకి తీసేస్తారు. పది వరుసలకి ఒక ట్రే పెడితే?

కొండపల్లి కండెన్సర్
ఐదో వరుస కింద ట్రే పెడితే N = 5 అయినట్టే, అదే 6 శాతం. కానీ ట్రే ఆవిరికి అడ్డం, ప్రెషర్ డ్రాప్ పెరుగుతుంది. ఈ వాక్యూమ్‌లో, 0.12 బార్ దగ్గర, 10 మిల్లీబార్లు పోతేనే శాచురేషన్ ఒకటిన్నర, రెండు డిగ్రీలు పడుతుంది. 14.8 LMTDలో ఆ నష్టం 6 శాతాన్ని దాటేస్తుంది. పది వరుసలకి పెట్టను. ముప్పై, నలభై వరుసలుంటే వేరే మాట, అక్కడ కూడా ఆవిరి వేగం నీటిని ఎంత పక్కకి తోస్తుందన్నది ఫార్ములాల్లో సరిగా రాదు.

కానూరు కుర్రాడు
అయితే N = 10, ఘాతం 1/6, 25.3 చ.మీ. 100 ట్యూబులకి పొడవు 3.2 మీటర్లు. దొరికేవి 6 మీటర్ల ట్యూబులు. 3 మీటర్లకి కోసి 100 పెడితే 23.6 చ.మీ., ఐసెన్‌బర్గ్‌కి కూడా చాలదు. 12 నిలువు వరుసలు × 10 చేసి 120 పెడదామా?

లక్ష్మి_డిజైన్
120కి 28.3 చ.మీ. వస్తుంది. N పదే ఉంటుంది కాబట్టి ఆవిరి వైపు ఏమీ మారదు. కానీ నీటి వేగం సెకనుకి 1.9 మీటర్లకి దిగుతుంది, నీళ్ల వైపు కోఎఫిషియంట్ 14 శాతం తగ్గుతుంది. U 2,510 దగ్గర, కావలసింది 26.7. ఆరు శాతం మిగులుతుంది, ట్యూబ్ షీట్లలో పోయే పొడవు అందులోంచి తీసేయండి.

ప్రాసెస్ పాపారావు
1/4తో ఇంకోసారి వేసి చూడండి. 120కి కూడా అంచు మీదే ఉంటారు.