కొరడా ఛెళ్లుమనేది తోలులోనా, గాలిలోనా?

బండిబాట
మా తాతయ్య చర్నాకోల విదిలిస్తే ఎద్దు ఒంటికి తగలకుండానే ఛెళ్లుమనేది. కొస శబ్దం కంటే వేగంగా వెళ్తుందని విన్నాను. మనిషి చేతికి అంత వేగం ఎక్కడిది? ఆ చప్పుడు గాలిదేనా, లేక తోలు తోలుకు తగిలిందా?

ఎర్రమట్టి
తోలు తోలుకు తగిలిందే. నేను ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూశాను. కొస వెనక్కి తిరిగి తాడు మీదే పడింది. అరచేతులు కొట్టుకుంటే చప్పుడు వస్తుంది కదా, ఇదీ అంతే. దీనికి శబ్దవేగం సంగతులన్నీ ఎందుకు?

నీలి కిటికీ
ఎర్రమట్టి గారూ, మీ వీడియోలో కొస తాడు మీద పడటం నిజమే అయి ఉంటుంది. కానీ అది చప్పుడు అయిపోయాక పడింది. ఫోన్ స్లో మోషన్ సాధారణంగా సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. మన వేసవి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంత వేగంతో కదిలే కొస ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య దాదాపు మీటరున్నర దాటేస్తుంది. అంటే అసలు ఘట్టం రెండు ఫ్రేముల సందులో జరిగిపోయింది. మీకు కనిపించింది ఆ తర్వాతి సంగతి.

ఈ అనుమానం కొత్తది కాదు. కొస శబ్దవేగం దాటుతుందేమోనని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఓటో లుమ్మర్ 1905లోనే అన్నాడు. గాలిలో ఒత్తిడి తేడాలను నీడలా చూపించే పద్ధతులు ఉన్నాయి. అలా తీసిన ఫొటోల్లో కొస దగ్గర నుంచి షాక్ తరంగం, అంటే శబ్దాన్ని మించిన వేగం వల్ల గాలిలో ఒక్కసారిగా ఎగసే ఒత్తిడి, విల్లులా విచ్చుకోవడం కనిపించింది. ఆ క్షణంలో తోలు దేనికీ తగలడం లేదు.

పాతబడి పంతులు
నేను ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పిన వివరణ ఇది. ద్రవ్యవేగం, అంటే బరువునూ వేగాన్నీ గుణిస్తే వచ్చేది, మారదు. పిడి దగ్గర కొరడా లావు, కొస దగ్గర సన్నం. బరువు తగ్గిన కొద్దీ వేగం పెరగాలి. బరువు పదో వంతయితే వేగం పది రెట్లు. బండిబాట గారి ప్రశ్నకు ఇదే జవాబు.

నీలి కిటికీ
మాస్టారూ, సన్నబడటం ముఖ్యమన్న మాట సరైనదే. కానీ ఇక్కడ నిలబడేది ద్రవ్యవేగం కాదండీ. కొరడా మెలిక తిరిగి ముందుకు పోతున్నప్పుడు మెలికకు వెనక ఉన్న భాగం ఆగిపోతుంది, ఆ భాగాన్ని చెయ్యి పట్టి ఉంచుతుంది. బయటి బలం అలా లాగుతుంటే ద్రవ్యవేగం ఎలా నిలుస్తుంది? పైగా మీ లెక్క ప్రకారం బరువు పదో వంతై వేగం పది రెట్లయితే శక్తి కూడా పది రెట్లవ్వాలి. అది ఎక్కడి నుంచీ రాదు.

నిలిచేది శక్తి. అది కూడా పూర్తిగా కాదు, కొంత గాలికీ తోలు వంగడానికీ పోతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కదిలే బరువు నాలుగో వంతైతే వేగం రెట్టింపవుతుంది. ఒక లెక్క వేద్దాం. అర కిలో కొరడా మొత్తాన్ని చెయ్యి సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరిందనుకోండి. 350కి చేరాలంటే వేగం 23 రెట్లు పెరగాలి. 23ని 23తో గుణిస్తే దాదాపు 530. అర కిలోను దానితో భాగిస్తే గ్రాము కంటే కాస్త తక్కువ. అంటే ఊపులో మిగిలిన శక్తి అంతా చివరి గ్రాములోకి చేరాలి. చెయ్యి చేసిన పని అంతా అక్కడ పోగవుతుంది. అందుకే మామూలు మనిషి భుజం సరిపోతుంది.

బండిబాట
అక్కా, ఈ గ్రాము మాట వినగానే ఒకటి గుర్తొచ్చింది. తాతయ్య తోలు కొసకు నూలు దారం పేని జానెడు కట్టేవారు. అది ఊడిపోయిన రోజు ఎంత విదిలించినా సుయ్‌మనేదే తప్ప ఛెళ్లుమనేది కాదు. నాలుగు రోజులు వాడాక ఆ దారం చివర పీచు లేచి కుచ్చులా విచ్చుకునేది. మళ్లీ కొత్తది కట్టేవారు.

నీలి కిటికీ
ఆ కుచ్చే సాక్ష్యం. దేనికీ తగలని దారం అలా చిట్లిపోయిందంటే అక్కడ వేగమూ మలుపూ ఎంత తీవ్రంగా ఉన్నాయో చూడండి. దారం ఊడితే మిగిలేది తోలు కొస. అది బరువు, పైగా బిరుసు కాబట్టి చిన్న మెలికగా వంగదు.

బోనాల వీధి
పోతరాజు కొరడా సంగతి ఎవరూ ఎత్తలేదే? మా గల్లీలో ప్రతి ఆషాఢం వింటాం. పసుపు రాసిన లావాటి పేనిన తాడు, మీరు చెప్పిన సన్నటి దారం ఏదీ ఉండదు. అయినా దద్దరిల్లే చప్పుడు వస్తుంది. మరి అదెలా?

నీలి కిటికీ
అన్నా, పోతరాజు ఒంటికి, నేలకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు వేరు. అది దెబ్బ చప్పుడు, శబ్దవేగంతో పని లేదు. గాలిలో ఊపగానే వచ్చేదైతే తాడు చివర విడిపోయిన పోగులు ఉన్నాయేమో చూడాలి. నేను దగ్గర నుంచి చూడలేదు కాబట్టి తేల్చి చెప్పను.

ఎర్రమట్టి
ఫ్రేముల లెక్క ఒప్పుకుంటున్నాను, నా వీడియో సాక్ష్యం కాదు. కానీ మీరు చెప్పిన దాంట్లో ఒకటి అతకడం లేదు. 1998లో జర్మనీలో క్రెల్ బృందం హైస్పీడ్ కెమెరాతో కొలిస్తే, చప్పుడు పుట్టే వేళకు కొస శబ్దవేగానికి రెట్టింపు దాటి ఉందట. కొస శబ్దవేగం దాటగానే ఛెళ్లుమనాలి కదా? రెట్టింపు దాకా ఎందుకు ఆగింది?

నీలి కిటికీ
ఈ చర్చలో అసలైన ప్రశ్న ఇదే. ఇంట్లో చున్నీ తీసి బల్ల మీద సగానికి మడవండి. కింది పొరను వేలితో నొక్కి, పై పొర కొసను మడత పోతున్న వైపు పది సెంటీమీటర్లు లాగండి. మడత ఐదు సెంటీమీటర్లే కదులుతుంది. కొరడాలోనూ అంతే, కొస కంటే మెలిక సగం వేగంతో పోతుంది. 2002లో అరిజోనా విశ్వవిద్యాలయంలో గొరీలీ, మెక్‌మిలన్ చెప్పింది ఇదే. చప్పుడు మెలికదని, మెలిక తానే శబ్దవేగం అందుకున్నప్పుడు పుడుతుందని వాళ్ల వాదన. మెలిక 350 అందుకునేసరికి కొస 700లో ఉంటుంది. అప్పుడు నా పై లెక్క కూడా మారుతుంది. వేగం 47 రెట్లు పెరగాలి, కదిలే బరువు పావు గ్రాము దగ్గరికి రావాలి. అది బండిబాట తాతయ్య దారంలో చివరి ముక్క మాత్రమే.

పాతబడి పంతులు
శక్తి విషయం ఒప్పుకున్నానమ్మా, నా పాత నోట్సు దిద్దుకుంటాను. కానీ కొస శబ్దవేగం దాటినప్పుడు అది కూడా ఎంతో కొంత షాక్ తరంగం పుట్టించాలి కదా. అది చాలా సన్నటి దారం కాబట్టి బలహీనంగా ఉండి వినబడదా, లేక మెలిక తరంగంలో కలిసిపోతుందా? చప్పుడంతా మెలికదేనంటే నాకింకా మింగుడు పడటం లేదు.

నీలి కిటికీ
కొస కూడా కొంత పుట్టిస్తుందనే నేనూ అనుకుంటున్నాను మాస్టారూ. చెవికి వినిపించే దాంట్లో ఎవరి వాటా ఎంతో నేను లెక్క కట్టలేదు.

బండిబాట
సంక్రాంతికి ఊరెళ్తున్నాను, చర్నాకోల ఇంకా అటక మీదే ఉంది. ముందు జానెడు దారం కట్టి, తర్వాత బెత్తెడు, తర్వాత ఏమీ లేకుండా ఊపి చూస్తాను. కళ్లద్దాలు పెట్టుకునే చేస్తాను, చిన్నప్పుడు ఆ దారం చెంపకు తగిలిన మంట ఇంకా మర్చిపోలేదు.

బోనాల వీధి
నేను ఆషాఢం దాకా ఆగాలి. ఈసారి తాడు చివర పోగులు చూసి ఫొటో పెడతా.