అనువాద కథలో కాలం జారింది, చూపు మారింది: ఎక్కడ దిద్దాలి?

శారద_గుంటూరు: హిందీ కథను తెలుగు చేస్తున్నాను. కథ మొత్తం రాఘవ చూపులో, భూతకాలంలో సాగుతుంది. నా చిత్తుప్రతిలో ఒక చోట ఇలా వచ్చింది: “రాఘవ తలుపు తీశాడు. గది చీకటిగా ఉంది. తల్లి మంచం మీద పడుకుని ఉంది. అతడు లోపలికి వెళతాడు. వాడికి ఏమీ చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంది.” ఎక్కడో తేడాగా ఉంది. ఏమి మార్చాలి?

కలంపోటు: ‘తీశాడు’ భూతకాలం, ‘ఉంది’ వర్తమానం. రెండు చోట్లా ‘ఉండేది’ అని పెట్టండి, సరిపోతుంది.

వెంకటరమణ: అలా మాత్రం చేయకండి. ఒక పత్రికలో నా కథకు సరిగ్గా అదే చేశారు. ‘గది చీకటిగా ఉండేది’ అని అచ్చయింది. ఆ గది రోజూ చీకటిగానే ఉండేదనే అర్థం వచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత వాళ్లకు కథ పంపలేదు.

కలంపోటు: మీ పత్రిక గొడవ ఇక్కడ ఎందుకండీ? వ్యాకరణం వ్యాకరణమే.

పద్మజ: వ్యాకరణమే చూద్దాం. భూతకాల కథనం మధ్య ‘ఉంది’ అంటే ఆ క్షణాన ఉన్న స్థితి. దానిని కదపనవసరం లేదు. జారింది ‘వెళతాడు’ దగ్గర. వరుసగా రెండు ‘ఉంది’లు రాసేసరికి చెయ్యి వర్తమానంలోకి పోయింది. పైగా ‘వెళతాడు’ అలవాటుకూ, జరగబోయేదానికీ కూడా వాడే రూపం. ‘వెళ్లాడు’ చాలు. వాక్యం చివరి క్రియలకు మాత్రమే గీతలు పెట్టి వరుసగా చదవండి. ఇలాంటివి అక్కడే దొరుకుతాయి.

చూపు సంగతి వేరు. ‘వాడికి’ అనే మాట తల్లి నోటిది. దానికి ముందు వాక్యంలో అతడే ‘అతడు’. అక్కడే మనం ఆమె మనసులోకి దూకేశాం. ‘తల్లి’ అన్నది కూడా బయటివాళ్ల మాట. రాఘవ కళ్లతో చూస్తే ‘అమ్మ’. చివరి వాక్యాన్ని ‘తనకేమీ చెప్పకూడదని ఆమె నిశ్చయించుకున్నట్టుంది’ అంటే అది రాఘవ ఊహ అవుతుంది.

సత్యం_మాస్టారు: వర్తమానంలో కథ రాయడం తప్పా? నా కథలన్నీ అలాగే ఉంటాయి.

పద్మజ: తప్పు కాదండీ. ఈ కథ అలా మొదలవలేదు, అంతే.

శారద_గుంటూరు: మిగతావి మారుస్తాను. కానీ చివరి వాక్యం నా పొరపాటు కాదు. మూలంలోనే ఆమె నిశ్చయించుకుందని ఉంది. ‘ట్టుంది’ లేదు.

కలంపోటు: చూశారా! రచయిత ఖాయంగా చెప్పినదాన్ని మీరు అనుమానంగా మార్చేశారు. ఇది దిద్దడమా, కథను తిరగరాయడమా? అనువాదకులకు ఆ హక్కు ఎవరిచ్చారు? నా కోపమంతా దీని మీదే, ‘ఉండేది’ మీద కాదు.

పద్మజ: మూలంలో అలా ఉందని ముందే తెలిస్తే, ఆ ‘ట్టుంది’ని సందేహిస్తూ చెప్పేదాన్ని. అయినా కథంతటిలో ఆ ఒక్క వాక్యమే తల్లి లోపలికి వెళితే, తెలుగు పాఠకుడు దానిని అనువాదకురాలి తప్పుగానే లెక్కిస్తాడు.

వెంకటరమణ: లెక్కించనివ్వండి. అడగకుండా మార్చితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

శారద_గుంటూరు: రచయిత్రికి ఉత్తరం రాస్తున్నాను. జవాబు వచ్చేదాకా ‘వాడికి’ తీసేసి, ‘రాఘవకు ఏమీ చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంది’ అని ఉంచుతాను.

పద్మజ: అప్పుడూ చూపు ఆమెదే, శారద గారూ. అతుకు కొంచెం తక్కువగా కనిపిస్తుంది, అంతే.