"సంశయించి"యా, "సంశయింపక"యా? ఒక లెక్కల పద్యం గురించి

అరసున్న: ఎవరిదో నోటుపుస్తకంలోని ఒక పేజీ ఫోటో నా దగ్గరుంది. పైన పట్టిక, కింద ఆటవెలది. రాసిందెవరో తెలియదు. నాలుగు సంచులు, వాటిలో నాణేలు. ఏదో ఒక సంచి తీసి, అందులోంచి ఒక నాణెం ఎగరేస్తే ఒక్కసారి బొమ్మ పడింది. పట్టిక ఇది:

సంచి 1: ముందు సంభావ్యత 0.4, బొమ్మ 0.2
సంచి 2: ముందు సంభావ్యత 0.3, బొమ్మ 0.4
సంచి 3: ముందు సంభావ్యత 0.2, బొమ్మ 0.6
సంచి 4: ముందు సంభావ్యత (మరక, 0.1 లేదా 0.7), బొమ్మ 0.8

పద్యం నాకు అర్థమైనంతవరకు:

బొమ్మ పడిన పిదప బుద్ధితో యోచించి
సంచి యేదొ తెలుపు సంశయిం...
మరల వైచి చూడ మఱి బొమ్మ పడునొకో
నాణె... (మడత) ...నాకు నుడువు

రెండో పాదం చివర సిరా పాకింది. "సంశయించి" అనుకోవాలా, "సంశయింపక" అనుకోవాలా? రెండు రోజులుగా ఇదే బుర్ర తినేస్తోంది.

గుణింతం: సంశయింపక. ఇందులో సందేహమేముంది? "అనుమానించకుండా సంచి ఏదో చెప్పు" అని గురువు శిష్యుణ్ణి అడుగుతున్నాడు. పాత లెక్కల పద్యాలన్నీ ఇలాగే గద్దిస్తాయి.

యతిభంగం: గణం చూశారా? ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. సంచి, యేదొ, తెలుపు, సంశ, యించి. సరిగ్గా సరిపోయింది. "సంశయింపక" అంటే చివర "క" మిగిలిపోతుంది. మిగతా పాదాలు ఎక్కడా తప్పని మనిషి ఇక్కడొక్కచోట తప్పుతాడా? మూడో పాదంలో "మఱి బొమ్మ" సలము, "పడునొకో" నగము. ఇంత శుభ్రంగా రాసినవాడికి క ఒక్కటీ బరువైందా?

గుణింతం: ఛందస్సు తప్పని కవి ఉంటే చూపించండి, దండం పెడతాను. అర్థం చూడండి ముందు. "సంశయించి తెలుపు" అంటే సందేహపడుతూ చెప్పమనా? అలా ఎవరడుగుతారు?

సిరాబుడ్డి: ఆ మాట అడగాల్సింది పట్టికని, నిఘంటువుని కాదు. మరకలో ఉన్నది 0.1 అనుకుని చేసి చూడండి. ఒక్కో సంచికి ముందు సంభావ్యతని బొమ్మ అవకాశంతో గుణిస్తే 0.08, 0.12, 0.12, 0.08 వస్తాయి. మొత్తం 0.40. దానితో భాగిస్తే 0.2, 0.3, 0.3, 0.2. రెండో సంచీ మూడో సంచీ సరిసమానం. ఇప్పుడు "సంశయింపక" ఒక్క సంచి పేరు చెప్పమంటే ఏది చెబుతారు? రాసినవాడు కావాలనే ఈ అంకెలు ఎంచుకున్నాడు. జవాబు ఒక సంచి కాదు, నాలుగింటికీ పంచిన నమ్మకం. "సంశయించి" అన్నది అందుకే.

యతిభంగం: ఛందస్సు ఒకవైపు, లెక్క ఇంకోవైపు. రెండూ "చి" దగ్గరికే తెచ్చాయి.

చిల్లరపైసా: ఇంత గొడవెందుకు? బొమ్మ పడింది కదా, బొమ్మ ఎక్కువగా పడేది నాలుగో సంచి. అదే జవాబు. 0.8 కంటే పెద్దది లేదు.

సిరాబుడ్డి: నాలుగో సంచి చేతికి రావడమే అరుదు కదండీ, పదింట ఒకటి. వచ్చాక బొమ్మ పడటం తేలికే, రావడమే కష్టం. మీరు చూస్తున్నది ఒక్క కాలమే. దాన్నే నమ్మితే ముందు సంభావ్యత రాసినవాడు కాగితం వృథా చేసినట్టే.

చిల్లరపైసా: సరే, అయితే ఆ పట్టికే తప్పు. 0.2, 0.4, 0.6, 0.8 కూడితే 2 వస్తుంది. సంభావ్యతలు కూడితే 1 రావాలి. అందుకే ఫోటోలో ఇంకేదో పోయిందంటున్నాను.

సిరాబుడ్డి: ఆ కాలం కూడితే 1 రానక్కర్లేదు. అందులో ఒక్కో అంకె ఒక్కో సంచికి సంబంధించిన వేరే ప్రశ్నకి జవాబు: "ఈ సంచే అయితే బొమ్మ ఎంత?" అదే సంచికి బొరుసుతో కలిపితే 1 అవుతుంది. 0.2కి జత 0.8, 0.4కి జత 0.6. కిందికి కూడితే 1 కావాల్సింది ముందు సంభావ్యత కాలం ఒక్కటే. మరక తేలేదీ అక్కడే. 0.4, 0.3, 0.2 కలిపి 0.9, మిగిలింది 0.1. 0.7 అయితే 1.6 అవుతుంది.

చిల్లరపైసా: పైనుంచి కిందకి కొన్ని కూడాలి, కొన్ని కూడకూడదు. మీ శాస్త్రానికి ఒక నీతి లేదు.

వేపకాయ: 0.1 అని అంత తేలిగ్గా తేల్చకండి. పట్టిక కింద ఇంకో వరస ఉండి ఫోటోలో తెగిపోయి ఉంటే? అప్పుడు మిగిలిన 0.1ని ఇద్దరు పంచుకోవాలి. ఇంకోటి, అవి సంభావ్యతలు కాక సంచుల ఎత్తులో, లెక్కింపులో అయితే కూడి 1 కావాల్సిన పని లేదు. 0.7 పెట్టి చేయండి: 0.08, 0.12, 0.12, 0.56, మొత్తం 0.88. నాలుగో సంచి 0.64 దాటకుండా దాని దగ్గరికొస్తుంది. చిల్లరపైసా గారి జవాబే నెగ్గుతుంది, వేరే కారణంతో.

అరసున్న: నాలుగో వరస కింద గీత గీసి ఉంది, పట్టిక అక్కడితో అయిపోయింది. శీర్షికలో "సంభావ్యత" అని స్పష్టంగా ఉంది. కాబట్టి 0.1 అనే అనుకుంటున్నాను.

వేపకాయ: అయితే సరే. కానీ మరకలో అంకె కూడికతో తేలిందన్న సంగతి గుర్తు పెట్టుకోండి. బొమ్మ కాలంలో మరక పడి ఉంటే ఏ కూడికా ఆదుకునేది కాదు. అక్కడ 0.6ని ఎవరైనా 0.8 అని చదివితే బొమ్మ పడ్డాక సంచులకి వచ్చే సంభావ్యతలు, అంటే పోస్టీరియర్లన్నీ కదిలిపోతాయి, అయినా మొత్తం 1 అనే వస్తుంది. తప్పు బయటపడదు.

పాతచొక్కా: పద్యంలో లెక్క అనగానే పావులూరి మల్లన గుర్తొచ్చాడు. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. అంకెల్ని గణాల్లో ఇమిడ్చి, వినసొంపుగా కూడా ఉంచడం ఎంత కష్టమో రాసి చూస్తే తెలుస్తుంది. తిక్కనని అందరూ తలుచుకుంటారు, మల్లనని లెక్కల మాస్టార్లు కూడా తలుచుకోరు. నాకు అదో బాధ.

గుణింతం: మల్లన దగ్గర ఒక లెక్కకి ఒక జవాబు. ఎవరూ సంశయించి చెప్పలేదు. నా మాటకే బలం.

పాతచొక్కా: అప్పటి లెక్కలకి సంశయం అక్కర్లేదు, అందుకు. ఇది ఆ కోవలోది కాదు. రూపం మాత్రం అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు.

గోరువెచ్చన: మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఒక నాణెం ఉంది, పది సార్లు ఎగరేస్తే ఏడు సార్లు బొమ్మ పడింది. అది మోసం నాణెమా అని ఈ పద్ధతిలో తెలుస్తుందా?

సిరాబుడ్డి: మీ నాణెం ఏ సంచిలోంచి వచ్చింది? ఎన్ని రకాల సంచులు ఉండొచ్చని, ఒక్కోదానికి ఎంతని ముందే చెప్పలేకపోతే ఈ లెక్క మొదలే కాదు. పట్టిక లేకుండా నన్నడిగితే ఏడు బొమ్మల మీద నేను పెద్దగా పందెం కాయను.

గోరువెచ్చన: అంటే మోసం కాదంటారు. థాంక్సండీ.

సిరాబుడ్డి: అలా అనలేదు.

యతిభంగం: నాలుగో పాదం ఎవరూ పట్టించుకోలేదు. ఫోటో పెద్దది చేసి చూశాను. మడత దగ్గర మొదట "నాణె మ" లాంటిది ఉంది. అది "నాణె మదియె యైన నాకు నుడువు" కావచ్చు. "నాణె మొకటి తీసి నాకు నుడువు" కూడా కావచ్చు. రెండూ గణానికి సరే.

సిరాబుడ్డి: ఇదే అసలు ముడి. "సంశయించి" గొడవ దీని ముందు చిన్నది. "అదియె" అయితే అదే నాణెం మళ్ళీ ఎగరేస్తున్నాం. "ఒకటి తీసి" అయితే అదే సంచిలోంచి వేరే నాణెం. పోస్టీరియర్‌కి ఈ తేడా పట్టదు, రెండో బొమ్మకి పడుతుంది.

వేపకాయ: ఎందుకు పట్టాలి? కొత్త పోస్టీరియర్‌తో బొమ్మ కాలాన్ని గుణించి కలపడమేగా. 0.04, 0.12, 0.18, 0.16, మొత్తం 0.5. మొదట 0.4 ఉన్నది ఒక్క బొమ్మ చూశాక 0.5 అయింది. ఏ నాణెమైనా అంతే.

సిరాబుడ్డి: సంచిలో నాణేలన్నీ ఒకే రకమైతే మీరన్నది అక్షరాలా నిజం. కానీ "సంచి 1లో బొమ్మ 0.2" అన్నమాట ఇంకోలా కూడా నిజం కావచ్చు. సంచిలో అయిదోవంతు నాణేలకి రెండు పక్కలా బొమ్మే, మిగతా వాటికి రెండు పక్కలా బొరుసే అనుకోండి. తీసి ఎగరేస్తే బొమ్మ అవకాశం 0.2 అనే వస్తుంది. నాలుగు సంచులూ ఇలాగే ఉన్నాయనుకోండి. ఒక్కసారి బొమ్మ పడ్డాక సంచుల పోస్టీరియర్ అదే 0.2, 0.3, 0.3, 0.2. ఒక్క ఎగరవేతకి సంచి సగటు తప్ప ఇంకేమీ కనబడదు. అదే నాణెం మళ్ళీ వేస్తే? బొమ్మ పడినది రెండు బొమ్మల నాణెమే, కాబట్టి ఖాయంగా బొమ్మే. దాన్ని తిరిగి సంచిలో వేసి, కలిపి, ఇంకోటి తీస్తే 0.5. పట్టిక మారలేదు, సంచుల జవాబు మారలేదు, తర్వాతి జవాబు మాత్రం 0.5 నుంచి 1కి పోయింది.

వేపకాయ: ఇది మరీ సాగదీత. మామూలుగా చదివే ఎవరికైనా సంచిలో నాణేలు ఒకే రకమే.

సిరాబుడ్డి: మామూలుగా చదివితే అంతే. కానీ పట్టిక ఆ మాట చెప్పలేదు. "బొమ్మ 0.2" అన్నది నాణెం గుణమా, సంచి గుణమా అని శీర్షికలో ఒక్క మాట ఉంటే తేలిపోయేది.

అరసున్న: శీర్షిక "బొమ్మ" వరకే ఉంది. దాని పక్కన వేలి నీడ పడింది.

పాతచొక్కా: "నాణె మొకటి తీసి" అయితే అర్థం కూడా బాగుంటుంది. "మరల వైచి"లో మరల అంటే మొత్తం ఆట మళ్ళీ ఆడటం.

యతిభంగం: "మరల" అంటే అదే వస్తువుని తిరిగి వేయడమండీ. నా మొగ్గు "అదియె" వైపే. పైగా "తీసి" అనాలంటే సంచి మాట మళ్ళీ ఎక్కడైనా రావాలి, రాలేదు.

గుణింతం: "మదియె"లో దకి గుడి ఉంటుంది. ఫోటోలో మడత పక్కన గుడిలాంటిది ఒకటి నాకు కనిపిస్తోంది. "మొకటి" అయినా టకి గుడి ఉంటుందనుకోండి. అరసున్న గారూ, వీలైతే ఆ మడత విప్పి, అదే పేజీని పక్కనుంచి వెలుతురు పడేలా ఇంకో ఫోటో తీసి పెట్టండి. రెండో పాదంలో మాత్రం "సంశయింపక"నే నేను వదలను.