స్టెరాయిడ్ వల్ల పెరిగిన తెల్లకణాలా, ఇన్ఫెక్షనా? ఎలా తెలుస్తుంది?

మాది గుంటూరు. అమ్మకి ఆస్తమా ఎక్కువై ఐదు రోజులుగా రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 40 మి.గ్రా. వేస్తున్నాం. నిన్నటి రక్త పరీక్షలో తెల్లకణాలు 15,800 వచ్చాయి. వాటిలో రకాలవారీగా న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్లు 10, ఇయోసినోఫిల్స్ సున్నా.

మందు ప్రభావమే కావచ్చన్నారు డాక్టర్ గారు. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్ ఊడి రక్తంలో కలుస్తాయట. లింఫోసైట్లేమో రక్తం వదిలి ఎముక మజ్జ లాంటి చోట్లకు వెళ్లిపోతాయట. గోడకు అంటుకోలేని కణాలు ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి సరిగా చేరలేవు కాబట్టి, లెక్క పెరిగినా రక్షణ తగ్గుతుందని నాకు అర్థమైంది.

స్టెరాయిడ్ జ్వరాన్ని కూడా కప్పేస్తుంది కదా, అదే టెన్షన్. రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసే స్మియర్ పరీక్షలో, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ముదరని బ్యాండ్ కణాలు లేవని రాశారు. ఆ ఒక్కటి చూసి ఇన్ఫెక్షన్ లేదనుకోవచ్చా? మీ ఇంట్లో ఇలా జరిగితే ఏ లక్షణాలు గమనించారు, పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించారు?