ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట గొంతులు విడదీయడం ఎలా?

పర్లాకిమిడిలో మా అమ్మమ్మ, ఆవిడ చెల్లెలు చెప్పే పాత సంగతులు ఒకే ఫోన్‌లో రికార్డు చేసి, Whisper‌తో రాతలోకి మారుస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే బాగానే వస్తోంది. అమ్మమ్మ "మహేంద్రతనయకి వరదొచ్చిన ఏడు" అంటుండగానే చిన్నమ్మమ్మ "కాదే అక్కా, ఆ మరుసటేడు" అని అందుకుంటే మాత్రం గట్టి గొంతే మిగులుతోంది. ఆ మోడల్ మాటల్ని ఒకే వరుసలో రాస్తుంది కదా, రెండో మనిషికి అందులో చోటే లేదు. డయరైజేషన్ చేస్తే ఎవరు ఎప్పుడు మాట్లాడారో తెలుస్తుంది గానీ, కలిసిన ధ్వని అలాగే ఉంటుంది.

అందుకని కలిసిన గొంతుల్ని రెండు ఫైళ్లుగా విడదీసే `speechbrain/sepformer-wsj02mix` మోడల్ వాడాను. అది 8 కిలోహెర్ట్జ్‌లో, గదిమోత లేకుండా చదివిన ఇంగ్లీషు మాటల మిశ్రమాలతో నేర్చుకున్నది. ముక్కలుగా ఇస్తే ఒక ముక్కలో మొదటి ఫైల్‌లో ఉన్న అమ్మమ్మ తర్వాతి ముక్కలో రెండో ఫైల్‌లోకి వెళ్లిపోతోంది. ఒక్కరే మాట్లాడిన చోట ఆ గొంతే రెండు ఫైళ్లలోకీ చీలి, Whisper ఎవరూ అనని మాటలు కూడా రాస్తోంది.

ఇప్పుడు గొంతులు కలిసిన చోట్లే, అటూ ఇటూ రెండేసి సెకన్లు కలిపి, విడదీద్దామనుకుంటున్నాను. ఆ రెండు సెకన్లలో ఒంటరిగా వినిపించే గొంతుతో పోల్చి ఏ ఫైల్ ఎవరిదో తేల్చాలి. అక్కాచెల్లెళ్లు కాబట్టి గొంతులు చాలా దగ్గరగా ఉన్నాయి. గొంతు తీరుని అంకెల్లోకి మార్చే స్పీకర్ ఎంబెడింగ్‌లు అంత చిన్న ముక్కలో వాళ్లని వేరు చేయగలవా? పెంకుటింటి మోతకి `sepformer-whamr16k` మెరుగా? ఎవరైనా చేసి చూసుంటే దయచేసి చెప్పండి.