హెచ్‌డీఆర్ వేస్తే 4 ఫ్రేములు పోతున్నాయి: ఉంచాలా, తీసేయాలా?

అన్నలూ, ఒంగోలు నుంచి అడుగుతున్నాను. మానిటర్ 1440p, డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 రకం. ఒకే గేమ్‌లో ఒకే సీన్ నడిపితే ఎస్‌డీఆర్‌లో సగటున 92 ఎఫ్‌పీఎస్, హెచ్‌డీఆర్‌లో 88 వస్తోంది. ఒక్కోటి మూడుసార్లు, మార్చి మార్చి నడిపాను. ఈ రోహిణి కార్తె ఎండకి గది వేడెక్కి కార్డ్ క్లాక్ పడిపోతుంది కాబట్టి, వరసగా నడిపితే ఆ నష్టం కూడా హెచ్‌డీఆర్ ఖాతాలో పడుతుంది.

ఎఫ్‌పీఎస్ కన్నా ఫ్రేమ్ సమయం చూడటం మేలు. 92 అంటే 10.87 మిల్లీసెకన్లు, 88 అంటే 11.36. అంటే తేడా సుమారు 0.49. ఇదే భారం 60 దగ్గర రెండు ఫ్రేములు కూడా తినదు, 200 దగ్గర మాత్రం 18 దాకా తినేస్తుంది.

నా మొదటి ప్రశ్న: గేమ్ scRGB వాడుతోందా, HDR10 వాడుతోందా అన్నది ఎలా తెలుసుకోవాలి? HDR10లో పిక్సెల్‌కి 32 బిట్లే, ఎస్‌డీఆర్‌లోనూ అంతే. scRGBలో 64 బిట్లు, మెమరీ మీద బరువు రెట్టింపు. 1080pకి దించితే పిక్సెళ్లు 56 శాతమే మిగులుతాయి. అప్పుడు తేడా 0.28 దగ్గరకి వస్తే ఖర్చు పిక్సెళ్లదే అనుకోవచ్చా?

రెండోది అసలు ముఖ్యం. 400 రకానికి లోకల్ డిమ్మింగ్ తప్పనిసరి కాదు, నా దాంట్లో లేదు కూడా. రాత్రి సీన్లో దీపం వెలిగితే చుట్టూ నలుపు బూడిదవుతోంది. `Win + Alt + B` నొక్కి అక్కడికక్కడే పోల్చినా మెరుగు కనబడలేదు. సెట్టింగ్ లోపమా, ప్యానెల్ హద్దు ఇంతేనా?